కిచకిచల కబురు: లోరా పుట్టుపూర్వోత్తరాలు

బోరుబావి గొట్టం పక్కన ఇనప కడ్డీకి బిగించిన ఆ పెట్టె అరచేతి కంటే కొంచెం పెద్దది. మూత విప్పితే లోపల పెన్సిల్ సెల్లంత లిథియం బ్యాటరీ ఒకటి, చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి కనిపిస్తాయి. పదిహేను నిమిషాలకోసారి అది నిద్రలేస్తుంది. బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, పన్నెండు బైట్ల కబురు గాల్లోకి వదిలి మళ్ళీ పడుకుంటుంది. దాన్ని అందుకునే గేట్‌వే ఊళ్ళో వాటర్ ట్యాంకు మీద ఉంది. మధ్యలో మూడు కిలోమీటర్ల మామిడి తోటలు. సిమ్ కార్డు లేదు, వైఫై లేదు, కరెంటు తీగ లేదు. పెట్టె రేడియో కూడా టార్చిలైటు కంటే తక్కువ శక్తితోనే పలుకుతుంది. అయినా కబురు చేరుతోంది. ఎలా చేరుతోందన్నది తెలియాలంటే కథ రాడార్ దగ్గర మొదలుపెట్టాలి.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ ఇంజనీర్లకి ఒక చిక్కు వచ్చిపడింది. దూరాన ఉన్న విమానం కనబడాలంటే రేడియో కేకలో ఎక్కువ శక్తి ఉండాలి, అంటే కేక పొడుగ్గా ఉండాలి. పక్కపక్కన ఎగిరే రెండు విమానాలు విడివిడిగా తెలియాలంటే మాత్రం కేక పొట్టిగా ఉండాలి. రెండూ ఒకేసారి కావాలి. దీనికి దొరికిన ఉపాయం చాలా అందమైనది. కేకని పొడుగ్గానే ఉంచి, దాని స్వరాన్ని కింది నుంచి పైకి సాగదీశారు. వచ్చిన ప్రతిధ్వనిని అదే లెక్కతో వెనక్కి మడిస్తే పొడుగాటి కేక అంతా ఒక సన్నటి మొనగా కూడుకుంటుంది. బెల్ ల్యాబ్స్ వాళ్ళు 1950లలో దీని సిద్ధాంతాన్ని గట్టిపరిచి 1960లో సవివరంగా ప్రచురించారు. స్వరం అలా జారుతూ పోవడం పిట్ట కూతలా ఉంటుందని దానికి ‘చిర్ప్’ అన్న పేరు స్థిరపడింది. కిచకిచ అన్నమాట.

ఆ కిచకిచ సెన్సర్ల దగ్గరికి రావడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల పాదాన ఉన్న గ్రెనోబుల్ ఊళ్ళో నికొలా సొర్నాన్, ఒలివియే సెల్లే అనే ఇద్దరు ఇంజనీర్లు 2009లో దీని మీద పని మొదలుపెట్టారు. వాళ్ళ సంస్థ పేరు సైక్లియో. వాళ్ళ దృష్టిలో ఉన్నది నీళ్ళ మీటర్లు, గ్యాస్ మీటర్లు. నేలమాళిగల్లో, గోడ సందుల్లో ఉండే మీటరు రోజుకి నాలుగంకెలు చెబితే చాలు, కానీ ఒకే బ్యాటరీ మీద ఏళ్ళ తరబడి చెప్పాలి. 2012లో అమెరికా చిప్ కంపెనీ సెమ్‌టెక్ సైక్లియోని కొనేసింది. లాంగ్ రేంజ్ అన్న మాటలని కుదించి లోరా అన్నారు. 2015లో లోరా అలయన్స్ ఏర్పడి, పెట్టెలు గేట్‌వేతో ఎలా మాట్లాడుకోవాలో చెప్పే నియమావళిని లోరావాన్ పేరుతో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవచ్చని 2005లోనే నిబంధన వచ్చింది కాబట్టి, లోరా ఇక్కడికి వచ్చేసరికి దారి సిద్ధంగా ఉంది.

ఇక కూతలోని కిటుకు. లోరాలో ప్రతి కూతా ఒక స్వరం దగ్గర మొదలై పైకి జారుతుంది, పైకప్పు తగలగానే కిందికి దూకి మిగతాది పూర్తి చేస్తుంది. ఎక్కడ మొదలైందన్నదే సమాచారం. మొదలవడానికి 128 చోట్లుంటే ఒక్కో కూత ఏడు బిట్లు మోస్తుంది, దీన్ని ఎస్‌ఎఫ్ 7 అంటారు. 4,096 చోట్లుంటే పన్నెండు బిట్లు, అది ఎస్‌ఎఫ్ 12. ఒక మెట్టు ఎక్కిన ప్రతిసారీ కూత నిడివి రెట్టింపవుతుంది, కానీ అది మోసే బరువు ఒక్క బిట్టే పెరుగుతుంది. మామూలుగా వాడే 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఎస్‌ఎఫ్ 7 కూత ఒక మిల్లీసెకను, ఎస్‌ఎఫ్ 12 కూత దాదాపు 33 మిల్లీసెకన్లు. సెకనుకి సుమారు 5,500 బిట్ల నుంచి 300 బిట్ల లోపుకి వేగం పడిపోతుంది.

అంత వేగం వదులుకున్నందుకు దక్కేది వినికిడి. చెవిటి పెద్దాయనకి మాట నిదానంగా, సాగదీసి చెప్పినట్టే ఇదీ. ఒక్కో మెట్టుకి రెండున్నర డెసిబెళ్ళు కలిసొస్తాయి. ఎస్‌ఎఫ్ 12 దగ్గర, చుట్టూ ఉన్న రేడియో రొద కంటే వంద రెట్లు బలహీనమైన కూతని కూడా గేట్‌వే పట్టుకోగలదు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే అంకె ఇదే.

మరి దీని ఖర్చు ఎంత? మన బోరుబావి పెట్టెనే తీసుకుందాం. పన్నెండు బైట్ల కబురుకి లోరావాన్ చిరునామా, ముద్ర వగైరా పదమూడు బైట్లు తగిలిస్తుంది, మొత్తం పాతిక. ఈ పాతిక బైట్లు ఎస్‌ఎఫ్ 7లో గాల్లో ఉండేది 62 మిల్లీసెకన్లు. ఎస్‌ఎఫ్ 12లో 1.48 సెకన్లు, అంటే ఇరవై నాలుగు రెట్లు. పలికేటప్పుడు రేడియో 40 మిల్లీ యాంపియర్లు లాగుతుందనుకుంటే, రోజుకి 96 కబుర్ల చొప్పున ఏడాదికి ఎస్‌ఎఫ్ 7లో అయ్యేది 24 మిల్లీ యాంపియర్ అవర్లు, ఎస్‌ఎఫ్ 12లో దాదాపు 580. బ్యాటరీలో ఉన్నవి 2,400.

నిద్ర ఖర్చు కూడా వేయాలి. పడుకున్నప్పుడు పెట్టె అయిదు మైక్రో యాంపియర్లు తాగినా ఏడాదికి 44 అవుతుంది. చూశారా, ఎస్‌ఎఫ్ 7లో పెట్టె మాట్లాడ్డానికి అయ్యే ఖర్చు కంటే పడుకోవడానికయ్యే ఖర్చే ఎక్కువ. కబురు పంపాక గేట్‌వే ఏమైనా అంటుందేమోనని కాసేపు చెవి ఒగ్గినందుకు ఇంకొంత. కొలిచే సెన్సర్ ఖర్చు పక్కన పెట్టి కూడితే ఎస్‌ఎఫ్ 12లో బ్యాటరీ మూడున్నరేళ్ళు వస్తుంది. ఎస్‌ఎఫ్ 7లో కాగితం మీద ముప్ఫై ఏళ్ళు దాటుతుంది, నిజానికి అంతకు చాలా ముందే బ్యాటరీ తనంతట తానే ముసలిదవుతుంది.

పోనీ ఇరవై నాలుగు రెట్ల ఖర్చుకి ఇరవై నాలుగు రెట్ల దూరం వస్తుందా అంటే, రాదు. ఏడు నుంచి పన్నెండు దాకా ఎక్కితే కలిసొచ్చేది 12.5 డెసిబెళ్ళు. ఏ అడ్డూ లేని ఆకాశంలో అది నాలుగు రెట్ల దూరం. నేల మీద చెట్లు, గోడలు, మిట్టపల్లాల మధ్య రెండుంబావు రెట్లు వస్తే గొప్ప. ఎస్‌ఎఫ్ 7తో 1.3 కిలోమీటర్లు పోయే పెట్టె ఎస్‌ఎఫ్ 12తో మూడు కిలోమీటర్లు పోతుంది, అంతే. 2020లో ఎత్తున ఎగిరే బెలూన్ నుంచి లోరా కబురు 832 కిలోమీటర్లు వెళ్ళిందంటే అది దాని 25 మిల్లీవాట్ల రేడియో గొప్పతనం కాదు, ఎత్తు గొప్పతనం. అట్ట మీద ‘15 కిలోమీటర్లు’ అని అచ్చేసిన అంకెని నమ్మి గేట్‌వేలు కొన్నవాళ్ళు బాధపడేది ఇక్కడే.

ఇదే బేరాన్ని వేరే రకంగా ఆడినవాళ్ళూ ఉన్నారు. అదే ఫ్రాన్స్‌లో తులూజ్ దగ్గర పుట్టిన సిగ్‌ఫాక్స్, కూతని సాగదీయకుండా వెంట్రుకంత సన్నం చేసింది. వంద హెర్ట్జ్ వెడల్పులో సెకనుకి వంద బిట్లు. పన్నెండు బైట్ల కబురు పోవడానికి రెండు సెకన్లు, జాగ్రత్త కోసం మూడుసార్లు పంపితే ఆరు. యూరప్ నిబంధన ప్రకారం సిగ్‌ఫాక్స్ వాడే పట్టీలో గంటకి 36 సెకన్లే పలకాలి కాబట్టి గంటకి ఆరు కబుర్లే. రోజుకి 140 అన్న దాని ప్రసిద్ధ పరిమితి అలా వచ్చింది. 2022 జనవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది, అదే ఏడాది సింగపూర్‌కి చెందిన యునాబిజ్ దాన్ని తీసుకుంది. సెల్‌ఫోన్ ప్రపంచం 2016లో ఎన్‌బీ ఐఓటీని తెచ్చింది. దానిది లైసెన్సున్న గాలి, రొద తక్కువ, వేగం ఎక్కువ, జీఎస్ఎమ్ కంటే 20 డెసిబెళ్ళు లోతుకి వెళ్ళగలదు. కానీ పలికేటప్పుడు వందల మిల్లీ యాంపియర్లు ఒక్కసారిగా లాగుతుంది. బోరుబావి పెట్టెలోని లిథియం సెల్ అంత కరెంటు ఒక్క ఊపున ఇవ్వలేదు, పక్కన కెపాసిటర్ పెట్టాలి. పైగా టవర్ సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఒకే మాటని పదులసార్లు తిరగచెబుతుంది. అక్కడ కూడా దూరానికి వెల కాలమే.

ఆ కాలం బ్యాటరీదే కాదు, ఇరుగుపొరుగుది కూడా. లోరావాన్ పెట్టెలు వంతులు వేసుకోవు, తోచినప్పుడు పలుకుతాయి. ఈ పద్ధతి 1971లో హవాయి దీవుల మధ్య నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహా రేడియో జాలం నుంచి వచ్చింది. రెండు కూతలు గుద్దుకుంటే తరచూ రెండూ పోతాయి. గాల్లో తక్కువసేపు ఉంటే గుద్దుకోవడమూ తక్కువ.

ఇది నాకు అనుభవంలోకి వచ్చింది ట్యాంకు దగ్గర కరెంటు పోయినప్పుడు. గేట్‌వే మూడు రోజులు మూగబోయింది. కరెంటు వచ్చాక సర్వర్ తెర చూస్తే ఒక పెట్టె కబుర్ల కౌంటర్ 5,210 దగ్గర ఆగి 5,498 దగ్గర మళ్ళీ మొదలైంది. 288 తేడా, మూడు రోజుల లెక్క సరిపోయింది. అసలు విషయం పక్క వరుసలో ఉంది: అంతకుముందు ఎస్‌ఎఫ్ 7 ఉన్నచోట ఇప్పుడు ఎస్‌ఎఫ్ 12. అన్ని పెట్టెలదీ అదే వరుస. పెట్టెలు తప్పేమీ చేయలేదు. 64 కబుర్ల దాకా గేట్‌వే నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే, జవాబివ్వమని అడగడం మొదలుపెట్టాలని నియమం. ఇంకో 32 కబుర్లకీ జవాబు రాకపోతే, ఆపైన 32కి ఒకటి చొప్పున, పెట్టె ఒక్కో మెట్టెక్కి ఇంకా నిదానంగా, ఇంకా గట్టిగా పిలుస్తుంది. పదిహేను నిమిషాలకొక కబురంటే మొదటి మెట్టుకి ఒక రోజు, తర్వాతి వాటికి ఎనిమిదేసి గంటలు. మూడు రోజుల్లో అందరూ పైమెట్టు మీదే.

ఊరి చుట్టూ ఇలాంటివి రెండు వందలుంటే ఏమవుతుందో లెక్కేసి చూడండి. మన దేశపు పట్టీలో మొదట్నుంచీ అందరికీ ఉండేవి మూడు ఛానెళ్ళే. అందరూ ఎస్‌ఎఫ్ 7లో ఉంటే వందలో ఒక కబురు గుద్దుకుని పోతుంది. అందరూ ఎస్‌ఎఫ్ 12లో ఉంటే అయిదింట ఒకటి. పెట్టెని కింది మెట్టుకి దింపాలా వద్దా అన్నది సర్వర్ ఇటీవలి ఇరవై కబుర్ల బలం చూసి తేలుస్తుంది, ఆ కబుర్లే పోతుంటే ఆలస్యమవుతుంది. ఈలోగా బ్యాటరీలు ఇరవై నాలుగు రెట్లు ఖర్చవుతుంటాయి. ట్యాంకు మీద గేట్‌వేకి చిన్న సోలార్ పలక, బ్యాటరీ పెట్టించాను. కొలిచే పెట్టెల బ్యాటరీలని కాపాడాలంటే ముందు గేట్‌వేకి కరెంటు పోకుండా చూసుకోవాలి.

వారం తిరిగేసరికి అన్నీ దిగివచ్చాయి, ఒక్కటి తప్ప. అది తోట చివరి బోరు దగ్గరిది. వెళ్ళి చూస్తే యాంటెన్నా మోకాలెత్తులో, కేసింగ్ గొట్టానికి ఆనుకుని ఉంది. చుట్టూ తడిసిన మామిడాకులు, పక్కనే ఇనుము. రెండు మీటర్ల జీఐ పైపు పాతి పెట్టెని పైకెత్తి బిగించాం. మర్నాడు సాయంత్రానికి తెర మీద దాని వరుసలో ఎస్‌ఎఫ్ 9 కనిపించింది. దాని కబురు గాల్లో ఉండే సమయం 1.48 సెకన్ల నుంచి 0.2 సెకన్లకి వచ్చింది.