గోడకు కొట్టిన బంతి

రాత్రి ఇన్సులిన్ పొడుచుకుని పడుకున్న మనిషికి తెల్లారేసరికి చక్కెర తగ్గాలి గాని, పెరగడమేమిటండీ?

ఈ ప్రశ్నకి 1938లో ఒక జవాబు వచ్చింది. హంగేరీ నుంచి వెళ్ళి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్థిరపడ్డ జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ సోమోగీ చెప్పిన జవాబది. ఇన్సులిన్ ఎక్కువై అర్ధరాత్రి చక్కెర పడిపోతుంది. శరీరం కంగారుపడి అడ్రినలిన్ వంటి హార్మోన్లను వదులుతుంది. అవి కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి తోస్తాయి. గోడకు కొట్టిన బంతిలా చక్కెర పైకి లేస్తుంది. కాబట్టి మందు పెంచకండి, తగ్గించండి అన్నాడాయన.

ఆ రోజుల్లో ఇంట్లో చూసుకునేది మూత్రంలో చక్కెరనే. అది ఎక్కువైతే తెలిసేది గాని, నిద్రలో పడిపోతే తెలిసేది కాదు. మూత్రంలో చక్కెర కనబడిందని మందు పెంచుకుంటూ పోయిన కొందరికి, ఆయన తగ్గించాక నిజంగానే నెమ్మదించింది. దాంతో ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

తీరా 1980 ప్రాంతంలో రోగుల రక్తాన్ని రాత్రంతా పరీక్షించి చూస్తే కథ అడ్డం తిరిగింది. రాత్రి చక్కెర పడిపోయినవాళ్ళకి పొద్దున కూడా తక్కువే ఉండడం మామూలు. పడగొట్టిన ఇన్సులిన్ ఇంకా ఒంట్లోనే ఉంటుంది కదా! పొద్దున ఎక్కువ ఉన్నవాళ్ళలో చాలామందికి రాత్రి ఇన్సులిన్ తెల్లవారేలోగా చాలకుండా పోయింది. తెల్లవారుజామున హార్మోన్లు చక్కెరను పెంచడం మరో కారణం.

ఒకావిడ సంగతి అనుకుందాం. పడుకునేముందు 150, పొద్దున ఆరింటికి 230. పాత నమ్మకంతో మందు తగ్గిస్తే? మూడింటికి లేచి చూస్తే 185. అంటే పడిపోవడం లేదు, మెల్లగా ఎక్కుతోంది. తగ్గిస్తే ఇంకా ఎక్కుతుంది. అదే మూడింటికి 62 కనిపించిందనుకోండి, పొద్దున 230 చూసి మందు పెంచడం ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు తగ్గించవలసిందే.

మరి 62 నుంచి 230కి ఎలా వెళ్ళింది? చాలాసార్లు రహస్యం వంటింట్లోనే ఉంటుంది. చెమటలు పట్టి, చేతులు వణుకుతూ లేచిన మనిషి గ్లాసుడు చక్కెర నీళ్ళు తాగి, గుండెదడ తగ్గేదాకా బిస్కెట్లు కూడా తింటుంది. మూడు చెంచాల చక్కెర, పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష: మామూలుగా అది చాలు. అందుకే అంకెతోబాటు ఏం తిన్నదీ రాసుకోవాలి.

ఇప్పుడు చేతికి అంటించే సెన్సర్ రాత్రంతా గీత గీసి చూపిస్తోంది. ఆ చేతిమీదే ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల కూడా చూపిస్తుంది. అనుమానమొస్తే వేలు పొడిచి చూసుకోవడమే. చక్కెర పడిపోయిన రాత్రి ఒక్కటైనా సరే, డాక్టరుకి వెంటనే చెప్పాలి. మందు పెంచాలంటే మాత్రం ఒక్క పొద్దుటి అంకె చాలదు. మూడు నాలుగు రాత్రుల లెక్క ఆయన ముందుంచాలి.