కాంట్రాక్టరు మారితే పీఎఫ్ ఎక్కడికి పోతుంది? పాస్‌బుక్ చదివే తీరు

బళ్లారి నుంచి తోరణగల్లు వైపు షిఫ్టు బస్సులెక్కే మనవాళ్లలో చాలామంది కాంట్రాక్టరు కిందే పనిచేస్తారు. పని అదే, గేటు అదే, రెండు మూడేళ్లకోసారి కాంట్రాక్టరు మాత్రం మారతాడు. అతనితోపాటు పీఎఫ్ ఖాతా కూడా మారుతుంది. అప్పుడు పాత డబ్బు ఏమైందో, కొత్తగా ఏం జమ అవుతోందో తెలియాలంటే పాస్‌బుక్ ఒక్కటే ఆధారం. ఆ పాస్‌బుక్ హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. అందులో తెలుగూ లేదు, కన్నడమూ లేదు. అందుకే దాన్ని గడి గడిగా చూద్దాం.

ముందు నంబర్ల సంగతి. 12 అంకెల యూఏఎన్ మనిషికి ఒక్కటే, అది జన్మంతా మారదు. దాని కింద ఒక్కో యజమాని దగ్గర ఒక్కో మెంబర్ ఐడీ పుడుతుంది. మెంబర్ ఐడీలో మొదటి ఐదు అక్షరాలు ఏ ప్రాంతం, ఏ ఆఫీసు అని చెబుతాయి. ఆ తర్వాత సంస్థ నంబరు, చివర మీ ఖాతా నంబరు ఉంటాయి. passbook.epfindia.gov.in లో లాగిన్ అయితే ఈ ఐడీలన్నీ వరుసగా కనబడతాయి. చాలామంది కొత్తది ఒక్కటే తెరిచి చూసి "డబ్బు తగ్గిపోయింది" అని కంగారు పడతారు. పాత ఐడీలను కూడా ఒక్కొక్కటిగా తెరవాలి.

ఇక లోపలి గడులు. ఉదాహరణకు ఒక కార్మికుడి బేసిక్, డీఏ కలిపి నెలకు 14,000 అనుకుందాం. అతని జీతం నుంచి 12 శాతం, అంటే 1,680 రూపాయలు కోస్తారు. అది ఉద్యోగి గడిలో పడుతుంది. యజమాని కూడా అంతే కట్టాలి. కానీ యజమాని గడిలో 514 మాత్రమే కనబడుతుంది. మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే: "కంపెనీ మిగతాది మింగేసిందా?" మింగలేదు. యజమాని వాటాలో 8.33 శాతం, అంటే 1,166 రూపాయలు, పక్కనున్న పింఛను గడిలోకి పోయింది. 514, 1,166 కలిపితే 1,680 అవుతుంది. ఈ కూడిక సరిపోతే యజమాని వాటా సరిగ్గా ఉన్నట్టే. జీతం ఎంత ఎక్కువైనా పింఛను వాటాను 15,000 మీదే లెక్కిస్తారు కాబట్టి అది 1,250 దాటదు. 2014 సెప్టెంబరు తర్వాత 15,000 కంటే ఎక్కువ జీతంతో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవారికి పింఛను గడి సున్నాగా ఉంటుంది. వారికి యజమాని వాటా మొత్తం పీఎఫ్‌కే పోతుంది.

నెలల దగ్గర చిన్న తిరకాసు ఉంది. `Cont. For Due-Month 042024` అని ఉంటే అది ఏప్రిల్ జీతం కాదు, మార్చి జీతం. మార్చి జీతం మీద కట్టాల్సిన సొమ్మును ఏప్రిల్ 15లోగా కట్టాలి కనుక అలా రాస్తారు. జీతం చీటీల్ని పక్కన పెట్టుకుని ఒక నెల వెనక్కి జరిపి సరిచూడండి. చీటీలో కోత ఉండి పాస్‌బుక్‌లో వరుస లేకపోతే ఆ నెల సొమ్ము జమ కాలేదన్నమాట. కాంట్రాక్టరు కట్టకపోయినా అసలు యజమాని బాధ్యత పోదు. పీఎఫ్ స్కీము 30వ పేరా ప్రకారం కాంట్రాక్టు కార్మికుల చందా చెల్లించే బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే. epfigms.gov.in లో ఫిర్యాదు చేసేటప్పుడు చీటీతోపాటు ఈ పేరా సంఖ్యనూ రాయండి.

వడ్డీని నెలవారీగా లెక్కించినా ఏడాదికి ఒక్కసారే వేస్తారు. `Int. Updated upto 31/03/2024` అనే వరుస అదే. 2023-24కు రేటు 8.25 శాతం. మన ఉదాహరణలో ఆ ఏడాది మొదట ఉద్యోగి గడిలో లక్ష రూపాయలు ఉన్నాయనుకుంటే దానిమీద 8,250 వస్తుంది. ఆ ఏడాది నెలనెలా పడిన 1,680కి జమ అయిన మరుసటి నెల నుంచే వడ్డీ. ఏప్రిల్‌లో పడినదానికి 11 నెలలు, మేలో పడినదానికి 10, అలా దిగుతూ మార్చిలో పడినదానికి ఏమీ ఉండదు. ఆ లెక్కన అవి 762 తెస్తాయి. మొత్తం 9,012 రూపాయలు. ఏడాది ముగిశాక ఈ వరుస పడటానికి కొన్ని నెలలు పట్టవచ్చు. ఆలస్యమైనంత మాత్రాన వడ్డీ పోదు. పింఛను గడికి మాత్రం వడ్డీ ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కాంట్రాక్టరు మారాక ఫారం 13 ద్వారా బదిలీ కోరితే పాత ఐడీలో సొమ్ము బయటికి పోయినట్టు, కొత్త ఐడీలో `TRANSFER IN - Old Member Id` అన్నట్టు వరుసలు పడతాయి. ఉద్యోగి, యజమాని గడుల్లో పాత మొత్తాలు వడ్డీతో సహా వస్తాయి. పింఛను గడిలో మాత్రం సున్నా ఉంటుంది. దాన్ని చూసి చాలామంది గుండె జారిపోతారు. పింఛను నిధి అందరికీ ఉమ్మడి నిధి. అందులో మీ పేరు మీద విడిగా సొమ్ము ఉండదు కాబట్టి బదిలీ అయ్యేది డబ్బు కాదు, సర్వీసు. అది పాస్‌బుక్‌లో కనబడదు. మెంబర్ పోర్టల్‌లో View కింద Service History లోనూ, బదిలీ అయ్యాక వచ్చే అనెగ్జర్ కె పత్రంలోనూ చూడాలి. పాత యజమాని ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయకపోతే బదిలీ ముందుకు సాగదు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే Manage లోని Mark Exit ద్వారా మీరే ఆధార్ ఓటీపీతో ఆ తేదీ వేసుకోవచ్చు.

సొమ్ము తీసుకున్నప్పుడు వరుస `Claim: Against PARA` అని మొదలవుతుంది. వెనకున్న అంకె కారణం చెబుతుంది. 57 అంటే బదిలీ, 68జె అంటే వైద్యానికి తీసుకున్న అడ్వాన్సు, 69 అంటే పూర్తి సెటిల్‌మెంటు. మీరు అడగని క్లెయిము కనబడితే అదే రోజు ఫిర్యాదు పెట్టండి.

పీఎఫ్ అడ్వాన్సు కంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఫారం 10సి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ దాన్ని కూడా పెట్టి పింఛను సొమ్ము తీసేసుకునేవాళ్లు మన వాడల్లో తక్కువేం కాదు. మన కార్మికుడు ఒకరి దగ్గర 6 ఏళ్లు, మరొకరి దగ్గర 5 ఏళ్లు చేశాడనుకుందాం. బదిలీ చేసుకుంటే సర్వీసు 11 ఏళ్లు అవుతుంది. నెల పింఛనుకు కావలసిన 10 ఏళ్లు దాటాయి. సగటు జీతం 14,000ను 11తో హెచ్చించి 70తో భాగిస్తే 58 ఏళ్ల నుంచి నెలకు 2,200 వస్తుంది. అదే మొదటి ఆరేళ్లవి 10సి కింద తీసేసుకుంటే మిగిలేది 5 ఏళ్లే, నెల పింఛను రాదు. వెంటనే మరో పని దొరకదనిపిస్తే అదే ఫారంలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగవచ్చు. సర్వీసు చెరిగిపోకుండా ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదవడం కష్టమైతే, నమోదైన ఫోన్ నుంచి 7738299899 కు కింది విధంగా ఎస్సెమ్మెస్ పంపితే చివరి చందా, నిల్వ వివరాలు తెలుగులోనే వస్తాయి. యూఏఎన్‌కు ఆధార్, పాన్ లేదా బ్యాంకు ఖాతా జతపడి ఉండాలి.

```
EPFOHO UAN TEL
```