అందరికీ ఒకే ప్రశ్న, ఒకే తూకం

తెలంగాణ వచ్చాక జరిగిన మొదటి పెద్ద గ్రూప్-2 నియామకంలో 1,032 పోస్టులుండేవి. రాతపరీక్షకు 600 మార్కులు, ఇంటర్వ్యూకు 75. 2019లో కరీంనగర్ నుంచీ ఆదిలాబాద్ నుంచీ ఎందరో యువకులు బస్సులెక్కి హైదరాబాద్ వెళ్లి ఆ 75 మార్కుల కోసం బోర్డు ముందు కూర్చున్నారు. మొత్తం 675లో 75 అంటే పదకొండు శాతమే, దాంతో ఏం తారుమారవుతుందిలే అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక పరీక్ష బరువు దానికి కేటాయించిన మార్కులతో తేలదు. అభ్యర్థుల మధ్య ఆ మార్కులు ఎంత ఎడం చూపిస్తాయన్నదాన్ని బట్టి తేలుతుంది. రాతపరీక్ష దాటి ఇంటర్వ్యూ దాకా వచ్చినవాళ్లంతా దాదాపు ఒకే మార్కుల దగ్గర గుమిగూడి ఉంటారు. ఇద్దరికీ రాతపరీక్షలో ఎనిమిది మార్కుల తేడా ఉందనుకుందాం. ఇంటర్వ్యూలో ఒకరికి 30, మరొకరికి 60 వేస్తే ఉద్యోగం ఎవరిదో తేల్చేది ఆ గదిలో గడిచిన కాసేపే. పదకొండు శాతమన్న మాట కాగితం మీదే మిగులుతుంది.

ఇంటర్వ్యూ మీద ఈ అనుమానం నిన్న మొన్నటిది కాదు. 1915లో అమెరికాలో వాల్టర్ డిల్ స్కాట్ అనే మనస్తత్వవేత్త సేల్స్‌మన్ ఉద్యోగానికొచ్చిన 36 మందిని ఆరుగురు మేనేజర్లకు విడివిడిగా చూపించాడు. ఎవరు మెరుగో వరుసపెట్టమన్నాడు. 28 మంది విషయంలో, వాళ్లు పైసగంలో ఉండాలా కిందిసగంలో ఉండాలా అన్నదాని మీదే మేనేజర్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. అందరూ అనుభవజ్ఞులే. అయితే ఎవరి మనసులోని కొలత వాళ్లది.

మన దేశంలో ఈ గొడవ ఎక్కువగా కోర్టుల్లో తేలింది. తమిళనాడు వైద్యకళాశాలల ప్రవేశాల్లో ఇంటర్వ్యూ మార్కులను ఫలానా అంశాల కింద విడగొట్టి వేయాలని నిబంధన ఉన్నా, కమిటీలు గంపగుత్తగా ఒకే అంకె వేశాయి. అది చెల్లదని పెరియకరుప్పన్ కేసులో సుప్రీంకోర్టు 1970లో చెప్పింది. పదేళ్ల తర్వాత అజయ్ హాసియా కేసు వచ్చింది. అది శ్రీనగర్‌లోని కాలేజీ ప్రవేశాల గురించి; అప్పటి మన వరంగల్ ఆర్ఈసీ లాంటిదే ఆ కాలేజీ. అక్కడ రాతపరీక్షకు 100, ఇంటర్వ్యూకు 50. ఒక్కో విద్యార్థితో మాట్లాడింది రెండు మూడు నిమిషాలు, అడిగింది తల్లిదండ్రులెవరు, ఊరేది అని. ఇంటర్వ్యూకు పదిహేను శాతం మించి ఇవ్వడం ఏకపక్షమని కోర్టు తేల్చింది, సంభాషణను టేపులో రికార్డు చేస్తే మంచిదని కూడా చెప్పింది. 1985లో హర్యానా ఉద్యోగ నియామకాల కేసులో, ఖాళీలకు ఇరవై రెట్లకు పైగా మందిని ఇంటర్వ్యూకు పిలవడాన్ని తప్పుపట్టి, రెండు మూడు రెట్లు చాలంది.

ఈ తీర్పుల మేలు కాదనలేం. కానీ ప్రభుత్వాలు వాటి నుంచి ఎక్కువగా నేర్చుకున్నది శాతాన్ని తగ్గించడమే. ఏం అడగాలి, ఏ జవాబుకు ఎన్ని మార్కులు అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. పెరియకరుప్పన్ తీర్పు చూపిన దారి అటువైపే. ఆ దారిన ఎక్కువ దూరం నడిచినవాళ్లు లేరు.

జవాబు మరోచోట తయారైంది. 1954లో జాన్ ఫ్లానగన్, ఒక ఉద్యోగంలో పని బాగా జరిగిన సందర్భాలనూ చెడిన సందర్భాలనూ సేకరించే పద్ధతిని వివరంగా రాశాడు. 1980లో గ్యారీ లాథమ్, అతని సహచరులు ఆ సందర్భాలనే ప్రశ్నలుగా మలిచి కోతమిల్లు కార్మికుల మీద ప్రయోగించారు. ఒక ప్రశ్న బాగా పేరు పొందింది: ఇంట్లో భార్యకూ పిల్లలకూ జలుబు, చూసుకునే మనిషి లేడు, మూడు గంటల్లో షిఫ్టు, ఏం చేస్తావు? ఇంట్లో ఉండిపోతానంటే 1, సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తానంటే 3, ఉత్త జలుబే కదా, పనికి వస్తానంటే 5. గోదావరిఖనిలో ఈ ప్రశ్న అడిగితే 5 మార్కుల జవాబు మీద యూనియన్లు వాదనకు దిగుతాయి, దిగాలి కూడా. అయితే ఆ వాదన సాధ్యమైందే యజమాని ఏం కోరుకుంటున్నాడో కాగితం మీద బయటపడ్డందుకు. మామూలు ఇంటర్వ్యూలో అదే కోరిక మాట లేకుండా పనిచేసుకుపోతుంది.

మన దగ్గర దీన్ని ఎలా చేయొచ్చో చూద్దాం. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లు కాటా దగ్గర సూపర్‌వైజరును తీసుకోవాలనుకుందాం. ముందు పాత పనివాళ్లనూ నలుగురు రైతులనూ కూర్చోబెట్టి, పోయిన సీజన్‌లో కాటా దగ్గర తగాదా ఎప్పుడొచ్చింది, ఎవరు ఎలా సర్దారు అని అడగాలి. వచ్చేది ఎక్కువగా తేమ గొడవే. పత్తి సంస్థ సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి కొంటుంది, ఆపైన కొనదు. అందుకే మీటరు మీద ఒక అంకె అటూ ఇటూ అయితే రైతుకు గుండె ఆగినంత పని.

ప్రశ్న ఇలా తయారవుతుంది: “ఒక బండిలో తేమ 14 చూపించింది. నిన్న మరో మిల్లులో 11 అన్నారని రైతు గట్టిగా అంటున్నాడు. వెనక పది బండ్లు ఆగి ఉన్నాయి. మీరేం చేస్తారు?” మీటరు చెప్పింది అంతే, బండి తీయమంటానంటే 1. గొడవెందుకని 11 రాసేస్తానంటే కూడా 1. రైతు ముందు ఇంకోసారి చూస్తానంటే 3. బండిని పక్కకు పెట్టించి వెనకవాళ్లను కదిలిస్తాను, మూడు నాలుగు చోట్ల నుంచి పత్తి తీసి ఇంకో మీటరుతో కూడా చూస్తాను, వచ్చిన అంకె రాసి రైతుకు చూపిస్తాను అంటే 5. ఇలాంటివి ఐదారు ప్రశ్నలు చాలు.

వీటిని అడిగే ముందు మిల్లులో ఇప్పటికే ఉన్న ఒక మంచి పనివాడి మీదా, ఒక సాదా పనివాడి మీదా ప్రయోగించి చూడాలి. ఇద్దరికీ ఒకే మార్కులొస్తే ఆ ప్రశ్న పనికిరాదు. అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడగాలి. ఆదిలాబాద్‌లో మరాఠీ, గోండి ఇంటిభాషగా ఉన్నవాళ్లు వస్తారు. ప్రశ్నను ఆ భాషలోనూ అడగొచ్చు, జవాబు కొలిచే మెట్లు మాత్రం మారకూడదు. తెలుగు చక్కగా మాట్లాడాడని మార్కు కలపడం, ఆ ఉద్యోగానికి అది అవసరమైతే తప్ప, దొంగతూకమే.

ముగ్గురు కూర్చుంటే ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా, జవాబు రాగానే మార్కు వేయాలి. రెండు మార్కులకు మించి తేడా వస్తే అభ్యర్థి అన్న మాటలను నోట్సు నుంచి చదివి వినిపించుకోవాలి. “నాకెందుకో నచ్చలేదు” అన్నది నోట్సు కాదు. పెద్దాయన ముందుగా తన అభిప్రాయం చెబితే మిగతా ఇద్దరి పెన్నులూ అటే ఒరుగుతాయి.

పాడయ్యేది సాధారణంగా రెండు చోట్ల. ఒకటి, చివర్లో “వ్యక్తిత్వం – 10 మార్కులు” అని మెట్లు లేని ఒక గడి చేర్చడం. పాత గంపగుత్త అంకె ఆ గడిలోంచే తిరిగి వస్తుంది. రెండు, ప్రశ్నలు బయటికి పొక్కడం. పొద్దున వచ్చినవాడు టీకొట్టు దగ్గర చెప్పేస్తాడు, మధ్యాహ్నం వచ్చినవాడు 5 మార్కుల జవాబు బట్టీ పట్టుకొస్తాడు. మధ్యాహ్నం మార్కులు ఒక్కసారిగా పెరిగితే అదే గుర్తు. అందరినీ ఒకే పూటలో ముగించడం మేలు.

ఈ పద్ధతి మంత్రం కాదు. ముందే కట్టుదిట్టం చేసిన ఇంటర్వ్యూ మార్కులకూ తర్వాతి పనితీరుకూ ఉన్న సంబంధాన్ని 1998లో ష్మిట్, హంటర్ 0.51గా లెక్కగట్టారు. 2022లో సాకెట్ బృందం లెక్కను సవరించి 0.42కు దించింది. అయినా వాళ్లు పోల్చిచూసిన ఎంపిక పద్ధతుల్లో అదే ముందు నిలిచింది, ఇష్టమొచ్చినట్లు సాగే ఇంటర్వ్యూ బాగా వెనకబడింది.

ప్రభుత్వ ఉద్యోగాల కథ మరో మలుపు తిరిగింది. కేంద్రం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ మంత్రివర్గం గ్రూప్-1, గ్రూప్-2లకూ ఎత్తేసింది. ఊరు, కులం, సిఫారసు మీద జనానికి ఉన్న అనుమానం చూస్తే ఆ నిర్ణయం సరైందే. ఇంటర్వ్యూను బాగుచేసే ఓపిక ఎవరికీ లేనప్పుడు తీసేయడమే నయం. కానీ జిన్నింగ్ మిల్లులూ ప్రైవేటు బడులూ ఆసుపత్రులూ ఇవాళ్టికీ మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టే తీసుకుంటున్నాయి, వాటిని ఏ తీర్పూ అడ్డుకోదు. అక్టోబరులో పత్తి కొనుగోళ్లు మొదలయ్యేలోపు ఆ యజమానులు ఐదు ప్రశ్నలు, వాటి పక్కన మార్కుల మెట్లు రాసుకుంటే చాలు. ఎంపిక కానివాడు వచ్చి ఎందుకని అడిగినప్పుడు ఆ కాగితమే చూపించండి.