ఉద్యోగం పోయాక బ్యాంకుకు రాసే రుణ పునర్వ్యవస్థీకరణ లేఖ

ఆదాయం ఆగిపోయిన రుణగ్రహీత, తన అప్పు షరతులను మార్చమని బ్యాంకును కోరుతూ ఇచ్చే దరఖాస్తును రుణ పునర్వ్యవస్థీకరణ లేఖ అంటారు. వాయిదా తగ్గించడం, గడువు పెంచడం, కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టనివ్వడం ఇందులో సాధారణంగా అడిగేవి. చూడ్డానికి ఇది విన్నపం. బ్యాంకు లోపల మాత్రం దీన్ని లెక్కగా చదువుతారు. బ్రాంచిలో లేఖ తీసుకున్న మేనేజరు చాలాసార్లు తానే నిర్ణయం తీసుకోలేడు, నోట్ రాసి పైకి పంపాలి. ఆ నోట్‌లోకి నేరుగా ఎక్కించుకోగల అంకెలున్న లేఖ కదులుతుంది. ‘దయచేసి కొంత సమయం ఇవ్వగలరు’ అని ముగిసేది ఫైలులోనే ఉండిపోతుంది.

లేఖకు అసలు గడియారం 90 రోజులు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కట్టాల్సిన సొమ్ము 90 రోజులు దాటి బకాయి ఉంటే ఆ ఖాతా మొండి బకాయి, అంటే ఎన్‌పీఏ అవుతుంది. అంతకుముందే 30, 60 రోజుల దగ్గర హెచ్చరిక మెట్లుంటాయి, వాటిని బ్యాంకులు ఎస్‌ఎంఏ అని పిలుస్తాయి. సెప్టెంబరు 5 వాయిదా తప్పి, ఆ తర్వాత పైసా కట్టకపోతే డిసెంబరు మొదటివారంలో ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత ఒక వాయిదా కడితే సరిపోదు. పేరుకున్న బకాయి మొత్తం తీరితేనే ఖాతాను మళ్లీ మామూలు వరుసలోకి తేవాలని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పింది. అందుకే ఈ లేఖ మొదటి వాయిదా తప్పకముందే బ్యాంకుకు చేరాలి.

లెక్క ఎలా ఉండాలో చూడటానికి హైదరాబాదులోని ఒక ఊహాత్మక కుటుంబాన్ని తీసుకుందాం. భర్త సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయింది. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, చేతికొచ్చే జీతం 42,000. ఇంటిఖర్చు, పిల్లల ఫీజు, మందులు కలిపి నెలకు 22,000. ఇంటిరుణంలో ఇంకా తీరాల్సిన అసలు 24 లక్షలు, వడ్డీ 9 శాతం, మిగిలిన గడువు 13 ఏళ్లు, ఈఎంఐ సుమారు 26,150. మిగిలేది 20,000, కట్టాల్సింది 26,150. ఆ అప్పు మీద నెల వడ్డీ ఒక్కటే 18,000. లేఖకు ఆధారం ఈ చివరి అంకె. వడ్డీ పూర్తిగా కట్టగలిగినంత కాలం అసలు పెరగదు, అధికారి కూడా ముందు చూసేది దాన్నే.

అలాంటి లేఖలో ప్రధాన పేరా ఇలా ఉండొచ్చు: “ఆగస్టు 31తో నా ఉద్యోగం ముగిసింది. రిలీవింగ్ లెటరు జతచేశాను. ప్రస్తుతం ఇంటి ఆదాయం నా భార్య జీతం 42,000 మాత్రమే. అత్యవసర ఖర్చులు పోను 20,000 మిగులుతుంది. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆరు నెలలు ప్రతి 5వ తేదీన వడ్డీ మొత్తం 18,000 కడతాను. మార్చి నుంచి గడువును 18 ఏళ్లుగా మార్చి, సుమారు 22,475 ఈఎంఐ నిర్ణయించమని కోరుతున్నాను. నాకు ఉద్యోగం దొరికిన పదిహేను రోజుల్లో నియామక పత్రం అందజేస్తాను.” కింద రుణంలో సహగ్రహీతగా ఉన్న భార్య సంతకం కూడా ఉండాలి. ఆమె సంతకం లేకుండా పంపిన లేఖ చాలాసార్లు వెనక్కి వస్తుంది.

ఇరవై వేలు మిగులుతుంటే పద్దెనిమిదే ఎందుకు? ఆ రెండు వేలు జ్వరానికో, గ్యాసు సిలిండరుకో పోతాయి. చివరి రూపాయి దాకా ఇస్తానన్న ప్రతిపాదన రెండో నెలలోనే విఫలమవుతుంది, ఒకసారి తప్పిన మాట మీద రెండోసారి అడగడం చాలా కష్టం. ‘మూడు నెలల్లో ఉద్యోగం వస్తుంది’ అని రాయడంలోనూ ఇదే ప్రమాదం. మొదటి ఆరు నెలల ప్రణాళిక చేతిలో ఉన్న జీతం మీద నిలవాలి. కొత్త ఉద్యోగాన్ని అదనంగా చూపించడమే మేలు. మరో చోట ఉన్న పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు బాకీ దాచినా లాభం లేదు, సిబిల్ రిపోర్టు తీస్తే రెండు నిమిషాల్లో బయటపడతాయి.

ఈ వెసులుబాటు ఖరీదు లేఖ రాసేవాళ్లు ముందే తెలుసుకోవాలి. పాత లెక్కలో మిగిలిన 13 ఏళ్లకు మొత్తం కట్టేది సుమారు 40.8 లక్షలు. పై ప్రతిపాదనలో అది 49.6 లక్షలకు చేరుతుంది, అంటే దాదాపు 8.8 లక్షలు ఎక్కువ. అదే ఆరు నెలలు వడ్డీ మాత్రమే కట్టి, తర్వాత పాత ఈఎంఐకే తిరిగి వెళ్తే అదనపు భారం 1,08,000 మాత్రమే. గడువు పెంచుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు ముందుగా కట్టేయడం మధ్యదారి. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటిరుణాలకు ముందస్తు చెల్లింపుపై జరిమానా లేదు.

ఇంకో ఖరీదు కాగితం మీద కనిపించదు. ఆర్థిక ఇబ్బందిలో ఉన్న ఖాతాకు షరతులు సడలిస్తే, మామూలు నిబంధనల కింద బ్యాంకు దాన్ని వెంటనే ఎన్‌పీఏ వరుసలోకి దించాలి, క్రెడిట్ రిపోర్టులోనూ ఆ గుర్తు పడుతుంది. అధికారులు వెనకాడటానికి ఇదే ప్రధాన కారణం. కోవిడ్ సమయంలో 2020 ఆగస్టులోనూ, 2021 మేలోనూ రిజర్వు బ్యాంకు ప్రత్యేక మినహాయింపులిచ్చింది కాబట్టే అప్పట్లో అంత మందికి పునర్వ్యవస్థీకరణ సులువుగా దొరికింది. ఆ కిటికీలు మూసుకుపోయాయి. కాబట్టి లోటు నాలుగైదు నెలలదే అయితే, నెలనెలా తగ్గే 8,150ని సెటిల్‌మెంటు డబ్బుతోనో, పీఎఫ్‌తోనో నింపుకోవడమే తెలివి.

బ్యాంకు జవాబు వచ్చేదాకా పాత ఈఎంఐ పూర్తిగా బాకీయే. అయినా ఆ 18,000 కడుతూ ఉండటం వృథా కాదు. కట్టిన సొమ్మును బ్యాంకులు సాధారణంగా అన్నింటికన్నా పాత బకాయికి ముందు జమచేస్తాయి. సెప్టెంబరులో 8,150 తగ్గితే, అక్టోబరు 18,000లోంచి ముందు అది తీరుతుంది, మిగతాది అక్టోబరు వాయిదాకు వెళ్తుంది. ఛార్జీలు పక్కన పెడితే, జనవరి చెల్లింపుకు ముందు తీరని అతిపాత బకాయి నవంబరు 5దే, అంటే 61 రోజుల వయసు. చెల్లించగానే అది డిసెంబరుకు జరుగుతుంది. బకాయి మొత్తం పెరుగుతున్నా ఈ ఆరు నెలల్లో 90 రోజుల గీత మాత్రం దాటదు. పూర్తిగా మానేసినవాడికీ, కొంతైనా కట్టినవాడికీ తేడా ఇక్కడే. అయితే ఆటో డెబిట్ మొత్తం 26,150కే ఉంటే ఖాతాలో డబ్బు చాలక బౌన్స్ ఛార్జీ పడుతుంది, ఆ 18,000ను విడిగా ఎలా జమచేయాలో లేఖలోనే అడగాలి.

లేఖ రెండు ప్రతుల్లో ఇచ్చి, ఒకదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి. జతగా రిలీవింగ్ లెటరు, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, భార్య పే స్లిప్పు ఉండాలి. తెలుగులో రాసినా, పై కార్యాలయం కోసం ఇంగ్లిషు ప్రతి కూడా పెడితే పని త్వరగా సాగుతుంది. జవాబు రాకపోతే ఆ ముద్ర ఆధారంగా ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, దానికీ ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లే దారి తెరుచుకుంటుంది. జవాబు ఇవ్వనందుకు ఫిర్యాదు చేయొచ్చు గానీ, వాయిదా తగ్గించి తీరమని బ్యాంకును బలవంతపెట్టే హక్కు రుణగ్రహీతకు లేదు.

మంజూరైందని ఫోన్‌లో ఎవరు చెప్పినా, అది మంజూరు కాదు. కొత్త గడువు, కొత్త ఈఎంఐ రాసున్న మంజూరు పత్రం, దాని మీద ఇద్దరి సంతకాలతో అనుబంధ ఒప్పందం, నెలవారీ కొత్త చెల్లింపు పట్టిక చేతికి రావాలి. ఆ పట్టికలో మొదటి ఆరు వరుసల్లో అసలు తగ్గుదల గడిలో సున్నా, వడ్డీ గడిలో 18,000 ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. మిగిలిన అసలు నెలనెలా పెరుగుతూ కనిపిస్తే, కట్టే వడ్డీని జమ చూపలేదని అర్థం.