పదనిర్మాణ వర్గీకరణ (ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత ఉదాహరణలతో)

ఒక పదం ఎన్ని అర్థభాగాలతో ఏర్పడుతుంది, ఆ భాగాలు ఎంత తేలిగ్గా విడివడతాయి అనే రెండు ప్రశ్నల ఆధారంగా భాషలను పోల్చే పద్ధతి. వియోగాత్మక, వైభక్తిక, సంశ్లేషణాత్మక, బహుసంశ్లేషణాత్మక అనే నాలుగు పేర్లు పాఠ్యపుస్తకాల్లో పక్కపక్కన కనిపిస్తాయి గానీ అవి నాలుగు గదులు కావు. మొదటిదీ చివరిదీ భాగాల సంఖ్యకు, మధ్యవి రెండూ అతుకు తీరుకు సంబంధించినవి. ఈ విభజనకు మూలం సాధారణంగా ష్లెగెల్ సోదరుల రచనలలో (1808, 1818) చూపుతారు. దీన్ని అంకెల్లోకి తెచ్చిన గ్రీన్‌బర్గ్ వ్యాసానికి కొందరు 1954, మరికొందరు 1960 ఇస్తారు. రెండోది పునర్ముద్రణ సంవత్సరం.

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినిపిస్తాయి కాబట్టి పోలికకు దూరం వెళ్ళనక్కరలేదు.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు గనుక ‘నేయించాను’ అనే మాటనే తీసుకుందాం. నేయ్ ధాతువు, ఇంచ్ మరొకరిచేత చేయించడం, ఆ భూతకాలం, ను ‘నేను’ను సూచిస్తుంది. నాలుగు భాగాలు, నాలుగు పనులు. సంశ్లేషణాత్మక భాషకు తెలుగును ఉదాహరణగా చూపేది ఇందుకే. అయితే ‘నేయించను’ దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. హ్రస్వమైన ఆ ఒక్క ‘అ’ వ్యతిరేకార్థాన్నీ, భూతేతర కాలాన్నీ కలిపి మోస్తోంది. వాటిని వేరుచేసే చోటు లేదు. ‘నేయించాడు’లోని డు ప్రథమపురుష, ఏకవచనం, పుంలింగం మూడింటినీ ఒకేసారి చెబుతుంది. కచ్చితంగా చూస్తే ఇవి వైభక్తిక లక్షణాలు. తెలుగు ప్రధానంగా సంశ్లేషణాత్మకం అనడమే సబబు. పూర్తిగా అనడం కాదు.

నామాల్లో అతుకు ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. ఊరుకు లు చేర్చితే కోస్తాలో ఎక్కువగా ఊళ్ళు అవుతుంది. ర, ల రెండూ కరిగి ళ్ళ వస్తుంది. రాయలసీమ వాడుకలో తరచు వినిపించే ఊర్లు, ఊర్లకు రూపాల్లో అతుకు కంటికి కనిపిస్తుంది. కన్నడంలో ఊరుగళిగె అన్నప్పుడు ఊరు, గళ్, ఇగె మరింత స్పష్టంగా విడివడతాయి.

ఉర్దూది వేరే దారి. ప్రామాణిక ఉర్దూలో ‘బాత్’కు బహువచనం బాతేఁ, వెనక ప్రత్యయం వస్తే బాతోఁ కో. అంటే వచనం, విభక్తి స్థితి ఒకే అచ్చులో కలిసి ఉంటాయి. దక్కనీలో రెండు చోట్లా బాతాఁ. ప్రత్యయంతో బాతాఁ కు. బహువచనానికి ఒక గుర్తు, విభక్తికి మరో గుర్తు. వైభక్తిక భాష ఇక్కడ సంశ్లేషణ వైపు జరిగింది. ఇది ద్రావిడ భాషల సాంగత్య ఫలమని ఒక వాదం. పంజాబీలోనూ బహువచనంలో ఇదే ‘ఆఁ’ ఉందనీ, ఉత్తరాది నుంచి వచ్చినవారే దాన్ని దక్కనుకు తెచ్చారనీ మరో వాదం. రూపం పుట్టుకకు రెండో వాదమే బలంగా కనిపిస్తుంది. అది ఇక్కడ స్థిరపడడానికి చుట్టూ ఉన్న తెలుగు, కన్నడాలు తోడ్పడి ఉండవచ్చు.

వియోగాత్మక భాష ఈ ప్రాంతంలో లేదు. వియత్నామీస్‌లో ‘నేను నేశాను’ అనడానికి నేను, గతసూచక పదం, నేయు అనే మూడు విడి మాటలు వాడతారు. క్రియ రూపం మారదు.

బహుసంశ్లేషణకు దగ్గరగా వచ్చే భాష మాత్రం రాష్ట్రంలోనే ఉంది. శ్రీకాకుళం వైపు సవరలో ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అనేది దాదాపు ఞమ్-కిద్-త్-అమ్ అనే ఒకే పదం: పట్టు, పులి, భవిష్యత్తుకూ వర్తించే కాలసూచి, నిన్ను. విడిగా వాడే ‘పులి’ మాట క్రియలో చేరేటప్పుడు కుదించుకుపోతుంది. ఈ భాషపై గిడుగు రామమూర్తి వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. సవరను పూర్తి బహుసంశ్లేషణాత్మకంగా లెక్కించాలా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు.

గ్రీన్‌బర్గ్ లెక్కలో పదానికి సగటు అర్థభాగాలు వియత్నామీస్‌కు 1.06, సంస్కృతానికి 2.59, ఎస్కిమోకు 3.72. అతుకుల స్పష్టతలో మాత్రం స్వాహిలీ 0.67 అయితే ఎస్కిమో 0.03. భాగాలు అనేకం ఉన్నంతమాత్రాన అవి తేలిగ్గా విడివడవని దీనివల్ల తెలుస్తుంది. ఇవి ఒక్కో భాషకు సుమారు నూరు పదాల చిన్న పాఠంపై వేసిన లెక్కలు. పాఠం మారితే అంకె కదులుతుంది. తెలుగుకు ఇదే లెక్క వేసేవారు ‘నేయించుకోవాలనుకున్నానని’ వంటి దాన్ని ఒక పదంగా తీసుకోవాలా, మూడుగానా అన్నది ముందే తేల్చుకోవాలి. రాతలోని ఖాళీ అందుకు నమ్మదగిన ప్రమాణం కాదు.