ఏజెంట్ కుదిర్చిన బేరం, కంపెనీ బాధ్యత: సెక్షన్ 237పై ఒక పరిశీలన

సేల్స్ ఏజెంట్‌కు కంపెనీ గీసిన హద్దులు కొనేవారికి తెలియవు. ఆ హద్దు దాటి అతడు బేరం కుదిర్చితే నష్టం ఎవరి నెత్తిన పడాలి? భారత కాంట్రాక్టు చట్టం (1872) సెక్షన్ 186, 187 ప్రకారం ఏజెంట్ అధికారం స్పష్టమైన మాటల వల్ల రావచ్చు, పరిస్థితులను బట్టి తేలవచ్చు. ఈ రెండూ వాస్తవ అధికారమే. అది లేకపోయినా, ఉందని బయటివారు నమ్మేలా యజమాని తన మాటతోనో నడతతోనో చేస్తే ఆ ఒప్పందం అతణ్ణి కట్టిపడేస్తుందని సెక్షన్ 237 చెబుతుంది. దీన్నే కనబడే అధికారం అంటాం.

ఒక మోటారు పంపుల కంపెనీని ఊహిద్దాం. తన పేరుతో ఉన్న ఆర్డరు ఫారాలు, ధరల పట్టిక ఇచ్చి ఏజెంట్‌ను ఊళ్లకు పంపింది. 8 శాతానికి మించి తగ్గించవద్దని అతడికి విడిగా చెప్పింది. నెలాఖరు టార్గెట్ కోసం అతడు ఒక దుకాణానికి రూ.10,000 పంపులు 20, 12 శాతం తగ్గించి రాసిచ్చాడు. దుకాణదారుకు ఆ ఆంక్ష తెలియకపోతే కంపెనీ సరుకు పంపాల్సిందే. నిర్ణీత ధరకు తక్కువగా అమ్మవద్దన్న రహస్య సూచన సెక్షన్ 237 కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ. పోయిన రూ.8,000ను కంపెనీ సెక్షన్ 211 కింద ఏజెంట్ నుంచి రాబట్టుకోవచ్చు, రాబట్టగలిగితే. ఆర్డరు ఫారం మీదే ‘హెడ్డాఫీసు ఆమోదానికి లోబడి’ అని ఉంటే మాత్రం దుకాణదారు వాదన నిలవడం కష్టం.

అదే ఏజెంట్ ‘మూడేళ్లలో పాడైతే కొత్త పంపు ఇస్తాం, మా పెద్దాయన ఒప్పుకున్నారు’ అన్నాడనుకోండి. వారంటీ కార్డులో ఏడాదే ఉంది, కార్డు దుకాణదారు చేతిలోనే ఉంది. ఇక్కడ నమ్మకం పుట్టించింది ఏజెంట్ నోరే. 1986లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆర్మగాస్, ముండోగాస్ కేసులో తేల్చింది ఇదే కోవలోది: ఆ బేరానికి తనంతట తనకు అధికారం లేదని ఎదుటివారికి తెలిసిన ఉద్యోగి, పైవారు ఒప్పుకున్నారని తానే చెప్పినంత మాత్రాన కంపెనీ బాధ్యురాలు కాదు. అయితే ఇలాంటి హామీలను కంపెనీ ఇదివరకు చాలాసార్లు గౌరవించి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు నమ్మకానికి మూలం కంపెనీ నడతే.

నా పరిశీలనలో కంపెనీలు ఎక్కువగా ఏమరుపాటు చూపేది ఏజెంట్‌ను తీసేసినప్పుడు. పాత ఖాతాదారులకు ఒక ఉత్తరం ముక్క కూడా వెళ్లదు. సెక్షన్ 208 కింద ఇచ్చిన ఉదాహరణ మద్రాసు వ్యాపారిది. బొంబాయి గిడ్డంగిలోని పత్తిని అమ్మమని ఏజెంట్‌కు రాసి, తరువాత మరో ఉత్తరంతో ఆ అధికారాన్ని రద్దు చేశాడు. మొదటి ఉత్తరం మాత్రమే తెలిసిన కొనుగోలుదారు డబ్బు చెల్లించాడు. ఏజెంట్ ఆ సొమ్ముతో పరారయ్యాడు. చట్టం దృష్టిలో ఆ చెల్లింపు మద్రాసు వ్యాపారికి చెల్లినట్టే.