బెకా లోయలో ఒరిగిన గొడుగు

1982 జూన్ 9 మధ్యాహ్నం లెబనాన్‌లోని బెకా లోయలో సిరియా గగనతల రక్షణ కుప్పకూలింది. అక్కడ మోహరించిన 19 క్షిపణి బ్యాటరీల్లో 17 సుమారు రెండు గంటల్లో ధ్వంసమయ్యాయి. తొమ్మిదేళ్ల కిందట ఇజ్రాయెల్ వైమానిక దళాన్ని వణికించిన ఆయుధాలే అవి. అందుకే ఆ పతనం అంత బాధాకరం.

1973 అక్టోబరు యుద్ధంలో ఈజిప్టు, సిరియా తమ సైన్యాల మీద అంచెలంచెలుగా ఒక గొడుగు పట్టాయి. పైఅంచెలో ఎస్-75, ఆకాశంలో ఎంతో ఎత్తున ఎగిరే విమానాన్నీ అందుకునేది. దాని కింద ఎస్-125. ఆ తర్వాత సుమారు 24 కిలోమీటర్ల దూరం కొట్టగల కుబ్, ట్యాంకులా పట్టాల మీద కదిలే బండిపై మూడేసి క్షిపణులతో ఉండేది. అన్నిటికన్నా కింద నాలుగు గొట్టాల షిల్కా ఫిరంగులు, సైనికుడు భుజాన పెట్టుకుని పేల్చే స్ట్రెలా-2 క్షిపణులు. స్ట్రెలా ఇంజిన్ వేడిని పసిగట్టి వెంటాడుతుంది. నాలుగు కిలోమీటర్లు దాటితే మాత్రం దాని శక్తి చాలదు.

ఏ అంచె బలమూ దానిది మాత్రమే కాదు. పెద్ద క్షిపణులకు భయపడి పైలట్ కిందికి దిగేవాడు. దిగినచోట షిల్కా గుండ్లు, స్ట్రెలాలు కాచుకుని ఉండేవి. వాటిని తప్పించుకోవాలని మళ్లీ పైకి లేస్తే కుబ్ ఉండేది. కుబ్ రాడార్ కిరణాన్ని ఇజ్రాయెల్ విమానాల్లోని హెచ్చరిక పరికరాలు గుర్తించలేకపోయాయి. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ సుమారు 100 విమానాలు పోగొట్టుకుంది.

1981 ఏప్రిల్‌లో లెబనాన్‌లోని జాహ్లే దగ్గర ఇజ్రాయెల్ రెండు సిరియా హెలికాప్టర్లను కూల్చింది. దానికి జవాబుగా సిరియా కుబ్‌లను బెకా లోయలోకి తరలించింది. చోటు మారుస్తూ ఉండటమే కుబ్‌కు ప్రాణరక్ష. లోయలో మాత్రం వాటిని నెలల తరబడి ఒకేచోట ఉంచేశారు. పైలట్ లేని ఇజ్రాయెల్ నిఘా విమానాలు పైన తిరుగుతూ ఒక్కొక్క బ్యాటరీ ఎక్కడుందో, దాని రాడార్ ఏ తరంగం మీద పలుకుతుందో నమోదు చేసుకున్నాయి.

కుబ్ క్షిపణికి గమ్యం తానుగా కనిపించదు. నేల మీది రాడార్ విమానంపై కిరణం పడేస్తే, తిరిగివచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని క్షిపణి వెళ్తుంది. కాబట్టి తగిలేదాకా రాడార్ వెలుగుతూనే ఉండాలి. వెలిగినంతసేపూ తన ఉనికిని శత్రువుకు చాటుకుంటూనే ఉండాలి.

ఆ మధ్యాహ్నం ముందుగా వచ్చినవి యుద్ధ విమానాల్లా కనిపించే బొమ్మ విమానాలు. సిరియా రాడార్లు మేల్కొన్నాయి, క్షిపణులు వాటి మీదికి లేచాయి. లాంచర్లు ఖాళీ అయ్యాయి, వాటిని మళ్లీ నింపడానికి సమయం కావాలి. ఆ వ్యవధిలోనే రాడార్ కిరణాన్ని దారిగా చేసుకుని వచ్చే క్షిపణులు రాడార్లను పేల్చేశాయి. రాడార్ పోయిన బ్యాటరీలో క్షిపణులు మిగిలినా వాటిని నడిపించే కన్ను లేదు. తర్వాత వచ్చిన విమానాలు లాంచర్ల మీద బాంబులు కురిపించాయి.

స్ట్రెలా సైనికులు ఇంకా అక్కడే ఉన్నారు, షిల్కాలూ ఉన్నాయి. శత్రువును కిందికి దింపే పైఅంచె చచ్చిపోయాక, వాటికి అందేంత కిందికి ఎవరూ దిగాల్సిన అవసరం లేకపోయింది. ఒకప్పుడు ఒకదానికొకటి ఆసరాగా నిలిచిన అంచెల్లో పైది కూలగానే కిందివీ నిరర్థకమయ్యాయి. ఆదుకోవడానికి లేచిన సిరియా పైలట్లకు నేల నుంచి దారి చెప్పే రేడియో మాటలు ఇజ్రాయెల్ జామింగ్‌లో మునిగిపోయాయి. కొద్ది రోజుల్లో 80కి పైగా సిరియా విమానాలు కూలిపోయాయి.

తర్వాత సోవియట్ యూనియన్ 200 కిలోమీటర్లకు మించిన దూరం కొట్టగల ఎస్-200ను సొంత సిబ్బందితో సహా సిరియాకు పంపింది. చేయి పొడవు పెరిగింది కానీ కన్ను పదును పెరగలేదు. 2018 సెప్టెంబరు 17న ఇజ్రాయెల్ విమానాల దాడి జరుగుతున్న వేళ ఒక సిరియా ఎస్-200 క్షిపణి, మిత్రదేశమైన రష్యా నిఘా విమానం ఇల్యూషిన్-20ను కూల్చింది. అందులోని 15 మందీ చనిపోయారు.

అంచెల రక్షణ బలాన్ని క్షిపణి ఎంత దూరం వెళ్తుందన్న అంకెతో కొలవకూడదు. రాడార్ ఎంతసేపు మౌనంగా ఉండగలదు, బ్యాటరీ ఎంత తరచుగా చోటు మారుతుంది, తన విమానాన్ని ఎలా గుర్తుపడుతుంది, ఒక అంచె పోతే దాని పని ఎవరు అందుకుంటారు అన్నవే అసలు కొలతలు. హైదరాబాద్‌లో తయారయ్యే ఆకాశ్‌నైనా, రష్యా నుంచి కొన్న ఎస్-400నైనా మనం ఈ ప్రశ్నలతోనే తూచాలి. బెకా లోయలో ప్రాణాలు పోయిన సిరియా సిబ్బందికి ఆయుధాలు తక్కువ కాలేదు. వాటిని కదిలించే క్రమశిక్షణను వారి పైవాళ్లు వారికి ఇవ్వలేదు.